పేరులో తేడా: ఇంటిపేరు, ఇనిషియల్, బ్యాంకు ఖాతా

ఒకే మనిషి పేరు ఆధార్‌లో ఒక తీరుగా, పాన్‌లో ఇంకో తీరుగా, బ్యాంకు ఖాతాలో మరో తీరుగా నమోదై ఉండడాన్ని బ్యాంకు వాడుకలో ‘నేమ్ మిస్‌మ్యాచ్’ అంటారు. అక్షర దోషాలు, పెళ్లి తర్వాత మారిన ఇంటిపేర్లు, ముద్దుపేరుతో తెరిచిన పాత ఖాతాలు అన్నీ దీని కిందికే వస్తాయి. అయితే తెలుగువారి కాగితాల్లో తరచుగా కనిపించే తేడాలు రెండు. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా ఉంటే మరోచోట దాని మొదటి అక్షరమే ఉండడం ఒకటి. ఒకచోట ఇంటిపేరు ముందు, మరోచోట చివర ఉండడం రెండోది. ఈ వ్యాసం ఈ రెండింటి గురించీ, వీటిని బ్యాంకులో సరిచేయించుకునే పద్ధతి గురించీ.

ఈ తేడా ఏళ్ల తరబడి బయటపడకపోవడానికి కారణం ఉంది. నెఫ్ట్, ఆర్టీజీఎస్ పద్ధతుల్లో డబ్బు ఖాతా నంబరును బట్టే జమ అవుతుంది, పేరును బట్టి కాదు. అందుకే జీతం పడుతుంది, ఏటీఎం పనిచేస్తుంది, పాసుబుక్కు మీద పేరు ఎలా ఉందో ఎవరూ పట్టించుకోరు. ఆదాయపు పన్ను రిఫండు కోసం ఖాతాను ధ్రువీకరించాల్సినప్పుడో, పీఎఫ్ సొమ్ము తీసుకోవాల్సినప్పుడో, పూర్తి పేరుతో వచ్చిన చెక్కు వేయాల్సినప్పుడో సంగతి తెలుస్తుంది. 2025 ఏప్రిల్ 1 నాటికి ఆర్టీజీఎస్, నెఫ్ట్ చెల్లింపుల్లోనూ డబ్బు పంపేవారికి అవతలి ఖాతాదారు పేరు చూసుకునే వీలు కల్పించాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది. ఆ పేరు బ్యాంకు రికార్డులోంచే వస్తుంది కాబట్టి, ఇదివరకు పాసుబుక్కులో దాగి ఉన్న తేడా ఇప్పుడు డబ్బు పంపే ప్రతివారి తెర మీదా కనిపిస్తోంది.

తెలుగు పేరు, ఫారంలోని గళ్లు

తెలుగు సంప్రదాయంలో ఇంటిపేరు ముందు, మనిషి పేరు తర్వాత. ఇంటిపేరును ఒక అక్షరానికి కుదించడం ఇంగ్లీషు రాతతో పాటు స్థిరపడిన అలవాటు. తమిళనాడులో పేరు ముందు అక్షరం మామూలుగా తండ్రి పేరును సూచిస్తుంది. మన దగ్గర అది ఇంటిపేరు. కానీ రెండు మూడు అక్షరాలు ఉన్నప్పుడు ఏది ఇంటిపేరో బయటివారికి తెలిసే మార్గం లేదు. పి.వి.నరసింహారావు పేరులో ‘పి’ పాములపర్తి, అది ఇంటిపేరు. ‘వి’ వెంకట, అది ఆయన సొంత పేరులో భాగం. ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం పేరులో ‘ఎస్’, ‘పి’ రెండూ కలిసి శ్రీపతి పండితారాధ్యుల అనే ఇంటిపేరు. చూడ్డానికి రెండూ ఒకే తీరు, విప్పితే వేర్వేరు. తెలుగు గుమాస్తా సందర్భాన్ని బట్టి ఊహించగలడేమో గానీ, ఫారం ఊహించదు.

ఫారాలు కూడా అన్నీ ఒకలా అడగవు. ఆధార్‌లో పేరుకు ఒకటే గడి, అందులో ఏ వరుసలో చెబితే ఆ వరుసే నిలుస్తుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు ఒకటి, మిగతా పేరుకు ఒకటి, రెండు గళ్లు. పాన్ దరఖాస్తులో చివరి పేరు, మొదటి పేరు, మధ్య పేరు అని మూడు. వాటిలో ఇనిషియల్స్ రాయకూడదని సూచన కూడా ఉంటుంది. కార్డు మీద మాత్రం మొదటి, మధ్య, చివరి పేర్లు ఆ వరుసలోనే అచ్చవుతాయి. ఇక్కడే తెలుగువారికి ఒక చిక్కు. కార్డు మీద ఇంటిపేరు ముందు కనిపించాలని చాలామంది, లేదా వారి తరఫున ఫారం నింపిన ఏజెంట్లు, ఇంటిపేరును మొదటి పేరు గడిలో రాసేశారు. కార్డు చూస్తే పేరు చక్కగా, మన పద్ధతిలో ఉంటుంది. ఆదాయపు పన్ను శాఖ రికార్డులో మాత్రం ‘లక్ష్మి’ గానీ ‘రావు’ గానీ ఇంటిపేరుగా కూర్చుని ఉంటుంది. కార్డును చూసి పాన్ సరిగ్గానే ఉందనుకోవడం అందుకే తొందరపాటు. పన్ను పోర్టల్‌లో లాగిన్ అయి ప్రొఫైల్‌లో ఏ గడిలో ఏముందో చూసుకోవాలి.

బ్యాంకుల సంగతి మరీ పాతది. కంప్యూటర్లు రాకముందు లెడ్జర్లలో చేత్తో రాసిన పేర్లను తర్వాత సిబ్బంది తమకు తోచినట్టు కుదించి ఎక్కించారు. 2017లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ఎస్‌బీఐలో, 2020లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసినప్పుడు ఖాతాలు కొత్త బ్యాంకుకు మారాయి గానీ, పేర్లను ఎవరూ కూర్చుని విప్పలేదు. ‘కె.వి.లక్ష్మి’గా వెళ్లిన పేరు ‘కె.వి.లక్ష్మి’గానే మిగిలింది.

పోల్చేది మనిషా, యంత్రమా

పేరు తేడా సమస్యలో మొదట తేల్చుకోవాల్సింది ఇదే. మిగతా నిర్ణయాలన్నీ దీని మీద ఆధారపడతాయి.

కౌంటరు దగ్గర అధికారి కాగితాలు చూసి నిర్ణయించే పనుల్లో వివరణకు చోటుంటుంది. చెక్కు జమ, లాకరు, వారసుల క్లెయిము, రుణ పత్రాలు ఈ కోవలోవి. ఒక అఫిడవిట్టో, పూర్తి పేరున్న గుర్తింపు పత్రమో చూపిస్తే ఆయన నమ్మవచ్చు, నమ్మకపోవచ్చు, కనీసం చదువుతాడు. పన్ను పోర్టల్, పీఎఫ్ పోర్టల్, పాన్-ఆధార్ అనుసంధానం వంటివాటిలో రెండు రికార్డుల్లోని అక్షరాలను ప్రోగ్రాము పోలుస్తుంది. అక్కడ అఫిడవిట్ చదివేవారు లేరు. ఏదో ఒక రికార్డు మారితే తప్ప ఫలితం మారదు. నోటరీ దగ్గర డబ్బు ఖర్చుపెట్టి, ఆ కాగితాన్ని పోర్టల్‌కు ఎక్కించే దారి వెతుక్కుంటూ తిరిగేవారు ఎందరో ఉన్నారు. వాళ్లకు మొదటే ఎవరైనా ఈ ముక్క చెప్పి ఉండాల్సింది.

ప్రోగ్రాములు కూడా ఒకే తీరులో పోల్చవు. కొన్ని పేరును మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా యథాతథంగా కలవాలంటాయి. కొన్ని పేరును మాటలుగా విడగొట్టి, వరుసను వదిలేసి, ఎన్ని మాటలు కలిశాయో లెక్కవేసి ఒక స్థాయి దాటితే ఒప్పుకుంటాయి. ఈ రెండో రకం ముందు ‘కొండవీటి వెంకట లక్ష్మి’, ‘వెంకట లక్ష్మి కొండవీటి’ రెండూ ఒకటే. కానీ ‘కె.వి.లక్ష్మి’లో కలిసే మాట ఒక్కటే. అంటే ఇంటిపేరు ముందుందా వెనకుందా అన్నది కొన్నిచోట్ల గట్టెక్కుతుంది. పొడి అక్షరం మాత్రం దాదాపు ఎక్కడా గట్టెక్కదు. అందుకే వరుస కన్నా విప్పిన పేరు ముఖ్యం. బ్యాంకుకు వెళ్లేది ఒక్కసారే అయితే, ముందు ఇనిషియల్ విప్పించుకోవాలి.

‘వెంకటలక్ష్మి’ అని కలిపి రాయడం, ‘వెంకట లక్ష్మి’ అని విడగొట్టడం కూడా మాటల లెక్కన వేర్వేరే. తెలుగులో చదివేటప్పుడు ఎవరికీ తట్టని తేడా ఇది. ఇంగ్లీషు అక్షరాల్లో అదొక ఖాళీ స్థలం, ఆ ఖాళీ వల్ల పోలిక తప్పవచ్చు.

ఒక ఉదాహరణ

ఊహాపేరుతో ఒక ఉదాహరణ తీసుకుందాం. తెనాలిలో ఒక ప్రైవేటు పాఠశాల ఉపాధ్యాయిని. పదో తరగతి సర్టిఫికెట్‌లో పేరు కొండవీటి వెంకట లక్ష్మి. మిగతా రికార్డుల్లో ఇలా ఉంది:

```
పదో తరగతి : KONDAVEETI VENKATA LAKSHMI
పాన్       : KONDAVEETI VENKATA LAKSHMI
ఆధార్     : Kondaveeti Venkatalakshmi
బ్యాంకు    : K V LAKSHMI
పీఎఫ్      : VENKATA LAKSHMI K
```

పన్ను రిఫండు రావాల్సి ఉంది. పోర్టల్‌లో బ్యాంకు ఖాతా ధ్రువీకరణ పేరు కలవలేదని ఆగిపోయింది. ఆమె ముందు బ్యాంకుకు పరుగెత్తడం సహజం. కానీ వెళ్లి ఆధార్ చూపిస్తే బ్యాంకు ఆ పత్రంలో ఉన్నట్టే ‘వెంకటలక్ష్మి’ అని కలిపి ఎక్కిస్తుంది. అప్పుడు బ్యాంకు ఆధార్‌తో కలుస్తుంది, పాన్‌తో మళ్లీ తేడా వస్తుంది. కాబట్టి బ్యాంకుకు వెళ్లేముందు ఆధార్, పాన్ రెండూ ఒక్కమాట మీద ఉండాలి.

ఆ రెండింటిలో దేన్ని మార్చాలి? ఆధార్‌లో పేరు మార్పుకు జీవితకాలంలో రెండుసార్లే అవకాశం ఉంది. పాన్‌కు అలాంటి పరిమితి లేదు, సవరణ దరఖాస్తు పెట్టుకుంటే సరిపోతుంది. ఈ లెక్కన పాన్ మార్చడమే తేలిక అనిపిస్తుంది. అయినా ఈ సందర్భంలో పదో తరగతి సర్టిఫికెట్, పాన్ ఒకేలా ఉన్నాయి, ఆధార్ ఒక్కటే విడిగా ఉంది. సర్టిఫికెట్‌లోని పేరు మార్చడం అన్నిటికన్నా కష్టం. పేరును దాని మీద నిలిపి, ఆధార్‌లో ఉన్న రెండు అవకాశాల్లో ఒకటి వాడుకోవడమే మేలు. పేరున్న గుర్తింపు పత్రం తీసుకుని ఆధార్ కేంద్రానికి వెళ్లి ‘వెంకట’, ‘లక్ష్మి’ల మధ్య ఖాళీ పెట్టించుకుంటుంది. రశీదు మీద ఇంగ్లీషు పేరును అక్కడే, లేచి రాకముందే, అక్షరం అక్షరం చూసుకోవాలి. ఆపరేటరు తెలుగు పేరును సరిచేసి ఇంగ్లీషును అలాగే వదిలేయడం, లేదా దానికి తలకిందులుగా చేయడం అరుదేం కాదు.

ఆధార్ మారాక బ్యాంకు, బ్యాంకు మారాక పీఎఫ్. ఈ వరుసకు కారణం ఉంది: పీఎఫ్ పేరు ఆధార్‌తో కలవాలి, పీఎఫ్‌కు జతచేసే ఖాతాలో పేరు పీఎఫ్ పేరుతో కలవాలి. 2017 అక్టోబరు 1 తర్వాత ఆధార్ ఆధారంగా వచ్చిన యూఏఎన్ ఉన్న సభ్యులు పేరు వంటి వివరాలను యజమాని ప్రమేయం లేకుండా పోర్టల్‌లో తామే సవరించుకునే వీలు 2025 జనవరి నుంచి ఉంది. అంతకుముందు నంబరు వచ్చినవారు యజమాని ద్వారా వెళ్లాలి. చివర్న పన్ను పోర్టల్‌కు తిరిగి వచ్చి, ఖాతాను మళ్లీ ధ్రువీకరణకు పంపి, రిఫండు తిరిగి జారీ చేయమని కోరాలి. బ్యాంకులో పేరు మారిన సంగతి పోర్టల్‌కు దానంతటది తెలియదు.

బ్రాంచిలో జరిగే పని

బ్యాంకులో పేరు ఒక్కచోట ఉండదు. ఖాతాదారుకు ఒక కస్టమర్ ఐడీ ఉంటుంది, కొన్ని బ్యాంకులు దాన్ని సీఐఎఫ్ అంటాయి. దాని కింద పొదుపు ఖాతా, డిపాజిట్లు, రుణాలు. పేరు ఐడీ స్థాయిలో ఒకసారి, ఒక్కో ఖాతా స్థాయిలో మళ్లీ నమోదై ఉంటుంది. డెబిట్ కార్డు మీదిది ఇంకో పేరు, జాగా చాలక కుదించింది. ఐడీలో మార్చి ఖాతాలో వదిలేస్తే నెట్ బ్యాంకింగ్ ప్రొఫైల్‌లో కొత్త పేరు, స్టేట్‌మెంటులో పాత పేరు కనిపిస్తాయి. బ్యాంకు ‘మార్చాం’ అని సందేశం పంపినా పోర్టల్ ఇంకా కలవలేదంటే, చాలాసార్లు జరిగింది ఇదే. దరఖాస్తులోనే రెండుచోట్లా మార్చమని రాయడం మంచిది.

దరఖాస్తు ఖాతా ఉన్న హోం బ్రాంచిలో ఇవ్వడం సురక్షితం. పాత ఫారం, నమూనా సంతకం ఉండేది అక్కడే. చాలా బ్యాంకుల్లో ‘కస్టమర్ వివరాల మార్పు’ లేదా ‘రీ-కేవైసీ’ పేరుతో అచ్చు ఫారం ఉంటుంది. దానితో పాటు పాన్, ఆధార్ అసలు ప్రతులు, సంతకం చేసిన జిరాక్సులు, పాసుబుక్కు, ఫొటో తీసుకెళ్లాలి. ఫారం చిన్నది, అందులో కారణం రాసే జాగా ఉండదు. తెల్లకాగితం మీద నాలుగు వాక్యాల లేఖ జతచేస్తే పని సులువవుతుంది. ఉదాహరణకు:

“నా పొదుపు ఖాతాలో పేరు K V LAKSHMI అని ఉంది. ఇందులో K నా ఇంటిపేరు KONDAVEETI, V నా పేరులోని VENKATA. నా పాన్, ఆధార్‌లలో ఉన్నట్టుగా KONDAVEETI VENKATA LAKSHMI అని కస్టమర్ ఐడీలోను, ఈ ఐడీ కింద ఉన్న అన్ని ఖాతాల్లోను మార్చగలరు. ఇది పేరు మార్పు కాదు, పొడి అక్షరాలను పూర్తిగా రాయడం మాత్రమే.”

చివరి వాక్యం ఉత్త మర్యాద కోసం కాదు. బ్యాంకు దృష్టిలో పేరు విప్పడం వేరు, పేరు మార్చడం వేరు. మొదటిదానికి పూర్తి పేరున్న అధికారిక పత్రం సాధారణంగా చాలు. రెండోదానికి ప్రభుత్వం ఇచ్చిన వివాహ ధ్రువపత్రమో, గెజిట్ ప్రకటనో కావాలని రిజర్వు బ్యాంకు కేవైసీ నిబంధనల్లోనే ఉంది. ఒక్క అక్షరం విప్పడానికి గెజిట్ అడిగే అధికారి సాధారణంగా ఈ రెండింటినీ ఒకటిగా చూస్తున్నాడు. అప్పుడు లేఖలోని ఆ వాక్యాన్ని చూపించి మాట్లాడవచ్చు.

ఒకరు వివరాలు ఎక్కిస్తే ఇంకొకరు ఆమోదించాలన్నది బ్యాంకుల్లో పద్ధతి. ఎక్కించినాయన “అయిపోయింది” అన్నా, రెండో ఆమోదం పడేదాకా రికార్డు మారదు. దరఖాస్తుకు తేదీ, ముద్ర ఉన్న రశీదు అడిగి తీసుకోవాలి. తర్వాత పాసుబుక్కు కాకుండా తాజా స్టేట్‌మెంటు తెప్పించుకుని పేరు చూడాలి. ఇంకా తేలికైన పరీక్ష ఒకటుంది: ఇంట్లో ఇంకొకరి ఫోను నుంచి ఆ ఖాతా యూపీఐకి ఒక రూపాయి పంపబోతే, తెర మీద వచ్చే పేరు బ్యాంకు రికార్డులోని పేరే.

ఖాతా నంబరు మారదు కాబట్టి పాత చెక్కులు చెల్లుతాయి. సంతకం మాత్రం మార్చాలనుకుంటే విడిగా కొత్త నమూనా ఇవ్వాలి. పేరు విప్పినంత మాత్రాన సంతకం మార్చాల్సిన పని లేదు.

పెళ్లి తర్వాతి ఇంటిపేరు

పెళ్లయ్యాక భర్త ఇంటిపేరు పెట్టుకోవడం ఆచారమే గానీ చట్టం విధించింది కాదు. పుట్టింటి పేరుతోనే ఖాతా, పాన్, ఆధార్ మూడూ ఉంటే మార్చకుండా వదిలేయడం అన్నిటికన్నా సుఖం. సగం మార్చి సగం వదిలేసినప్పుడే చిక్కు.

మార్చుకునేవారికి వివాహ ధ్రువపత్రం మూలం. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వివాహాల తప్పనిసరి నమోదు చట్టం వచ్చింది. అంతకుముందు పెళ్లయిన చాలామంది దగ్గర ఈ పత్రం లేదు, ఇప్పుడైనా నమోదు చేయించుకోవచ్చు. అయితే పత్రంలో సాధారణంగా వధువు పుట్టింటి పేరే ఉంటుంది, ఆమె ఇకపై ఫలానా పేరు వాడుతుందని ఉండదు. కొన్ని బ్రాంచీలు భర్త ఇంటిపేరు అందులో కనిపిస్తోంది కదా అని ఒప్పుకుంటాయి, కొన్ని అఫిడవిట్ అడుగుతాయి, కొన్ని గెజిట్ తెమ్మంటాయి. ఈ చివరి బాధ తప్పాలంటే ముందు ఆధార్‌లో మార్చుకుని, కొత్త పేరున్న ఆధార్, వివాహ పత్రం రెండూ కలిపి బ్యాంకుకు చూపించడం మేలు.

అఫిడవిట్ ఎంతవరకు

“పై పేర్లన్నీ నావే” అని స్టాంపు కాగితం మీద రాసి నోటరీ చేయించే అఫిడవిట్, చాలామంది అనుకున్నట్టు, పేరు మార్పు పత్రం కాదు. రెండు పేర్లూ ఒకే మనిషివని ప్రమాణపూర్వకంగా చెప్పడం మాత్రమే. ఇందులో అన్ని పేర్లూ ఆయా పత్రాల్లో ఉన్నట్టే, పత్రం నంబరుతో సహా రాయాలి. ‘కె.లక్ష్మి అలియాస్ వెంకట లక్ష్మి’ అని తేల్చేస్తే మూడో పేరు వచ్చిన రోజున అది అక్కరకు రాదు.

ఇది బాగా పనికొచ్చే చోటు చెక్కు. పూర్తి పేరు మీద వచ్చిన బీమా చెక్కును కుదించిన పేరున్న ఖాతాలో వేస్తే బ్యాంకు వెనుకాడుతుంది. అది గుమాస్తా మొండితనమనుకుంటాం గానీ, కారణం 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 131వ సెక్షన్‌లో ఉంది. క్రాస్ చేసిన చెక్కును వసూలు చేసిన బ్యాంకు, చెక్కు అసలు హక్కుదారు ఇంకొకరని తేలినా, మంచి నమ్మకంతో, నిర్లక్ష్యం లేకుండా వ్యవహరించి ఉంటేనే బాధ్యత నుంచి తప్పించుకుంటుంది. పేరు తేడా కళ్లకు కనిపిస్తూ ఉండగా వేసుకుంటే అది నిర్లక్ష్యం కిందికి రావచ్చు. అఫిడవిట్, గుర్తింపు పత్రం ఆ లోటు పూడుస్తాయి.

ఇలాగే నామినీ పేరు. ఖాతా తెరిచిన రోజు హడావుడిలో ‘లక్ష్మి, భార్య’ అని రాసి వదిలేసినవి లెక్కలేనన్ని. ఖాతాదారు బతికుండగా కొత్త నామినేషన్ ఇచ్చి పూర్తి పేరు ఎక్కించడం నిమిషాల పని. తర్వాత అదే తేడాకు నామినీ అఫిడవిట్లు, సాక్షుల లేఖలు పట్టుకుని తిరగాలి, అదీ ఇంట్లో చావు జరిగిన రోజుల్లో. పేరు సవరణకు బ్రాంచికి వెళ్లినప్పుడే నామినీ పేరు కూడా చూపించమని అడగాలి.

పత్రాలన్నీ ఇచ్చినా బ్యాంకు కారణం చెప్పకుండా తిప్పితే, ముందు ఆ బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి నంబరు తీసుకోవాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తినివ్వకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. బ్యాంకుకు ఫిర్యాదు చేయకుండా నేరుగా అక్కడికి వెళ్తే తిప్పి పంపుతారు. ముద్ర వేయించుకున్న రశీదు పనికొచ్చేది అప్పుడే.